కన్సల్టెన్సీ నుంచి తలా తోకా లేని మెయిల్ వచ్చింది, కాల్‌కి ముందే జీతం, ఊరు, పని వివరాలు ఎలా అడగాలి?

స్వర్ణముఖి
అందరికీ నమస్తే. నేను తిరుపతిలో ఉంటా, రేణిగుంట వైపు ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీర్‌ని, నాలుగేళ్ళ అనుభవం. నిన్న సాయంత్రం ఒక కన్సల్టెన్సీ నుంచి మెయిల్ వచ్చింది. దాంట్లో ఉన్నది మొత్తం ఇంతే: పేరున్న మల్టీ నేషనల్ కంపెనీలో క్వాలిటీ ఇంజనీర్ ఉద్యోగం, అర్జెంటు, చెన్నై మరియు పరిసరాలు, జీతం మార్కెట్‌లో బెస్ట్, మీ రెజ్యూమె, ఇప్పటి జీతం, ఆశించే జీతం, నోటీసు పీరియడ్ పంపండి, రేపు పదకొండు గంటలకు కాల్‌కి అందుబాటులో ఉండండి. కంపెనీ పేరు లేదు, ఏ క్వాలిటీయో లేదు.

కాల్ మాట్లాడటానికి నాకేం అభ్యంతరం లేదు కానీ మా ఫ్యాక్టరీలో ఫోను గేటు దగ్గర లాకర్‌లో పెట్టి లోపలికి పోవాలి. పదకొండుకు కాల్ అంటే పర్మిషన్ రాయించుకుని లైన్ వేరేవాళ్ళకి అప్పజెప్పి బయటికి రావాలి, సూపర్‌వైజర్ ఎందుకు ఏమిటి అని వంద అడుగుతాడు. అంత చేసి బయటికొచ్చాక అవతలివాళ్ళు మూడు లక్షల ఉద్యోగం అంటే కడుపు మండిపోతుంది. అందుకే ముందు మెయిల్‌లోనే జీతం ఎంతలో ఉంటుంది, ఎక్కడ, పనేంటి అని అడగాలని ఉంది. పొగరుగా అనిపించకుండా ఎలా రాయాలి?

చిత్తూరు_మామిడి
ఇంత ఆలోచన ఎందుకమ్మా, కాల్ ఎత్తి అన్నీ అడిగేయి, ఐదు నిమిషాల పని. మెయిల్‌లో ప్రశ్నలు పెడితే వాళ్ళు ఇంకొకరిని చూసుకుంటారు. వాళ్ళకి జనం తక్కువా?

పుత్తూరు_కట్టు
అసలు ఇప్పటి జీతం అడగడమే చట్టవిరుద్ధం. జవాబే ఇవ్వొద్దు. లేదా ఆ మాటే రాసి పంపు, దారికొస్తారు.

డెస్క్_నుంచి
నేను చెన్నైలో రిక్రూటర్‌ని, సొంతూరు మదనపల్లె. అవతలి వైపు ఏం జరుగుతుందో చెప్తా.

ముందు పుత్తూరు అన్నకి: మన దేశంలో ఇప్పటి జీతం అడగకూడదని చట్టమేం లేదు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో ఉంది, ఆ పోస్టులు ఇక్కడ షేర్ అయ్యి అందరూ ఇక్కడా అంతే అనుకుంటున్నారు. అడగడం వాళ్ళిష్టం, చెప్పడం చెప్పకపోవడం మన ఇష్టం. చట్టం పేరెత్తి రాస్తే మాత్రం ఆ రిక్రూటర్ నవ్వుకుని మూసేస్తాడు.

ఇక మెయిల్ సంగతి. అది నీకు ప్రత్యేకంగా రాసింది కాదు చెల్లెమ్మా. జాబ్ పోర్టల్‌లో క్వాలిటీ ఇంజనీర్, ఎలక్ట్రానిక్స్, మూడు నుంచి ఆరేళ్ళు అని వెతికి, వచ్చినవాళ్ళందరికీ ఒకే నొక్కుతో పంపేస్తాం. అందులో జీతం, కంపెనీ పేరు రాయకపోవడానికి కారణాలు వేర్వేరు. పేరు ఎందుకు రాయమంటే, పేరు తెలిస్తే మీరు నేరుగా ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో అప్లై చేస్తారు, మా కమీషన్ పోతుంది. అది మా బతుకుతెరువు, దాన్ని తప్పు పట్టొద్దు. జీతం రాయకపోవడం మాత్రం చాలాసార్లు బేరం కోసమే. క్లయింట్ మాకు ముందే చెప్తాడు, ఈ పోస్టుకి బడ్జెట్ ఇంత అని. ఆ అంకె మా దగ్గర ఉంటుంది. అందుకని 'జీతం ఎంత ఇస్తారు' అని అడగొద్దు, 'ఈ పోస్టుకి అనుకున్న బడ్జెట్ ఎంత నుంచి ఎంత వరకు' అని అడుగు. ఆ మాట వాడితే నీకు పద్ధతి తెలుసని అర్థమవుతుంది, తప్పించుకోవడం కష్టం.

మామిడి అన్న అన్నట్టు ప్రశ్నలు అడిగితే వదిలేస్తారా అంటే, పది ప్రశ్నలు అడిగితే వదిలేస్తాం. మూడే అడిగి, ఆసక్తి ఉందని ముందే చెప్పి, మాట్లాడే టైమ్ కూడా ఇస్తే వదలం. నిజంగా మనిషి కావాల్సిన పోస్టయితే అదే రోజు జవాబిస్తాం.

కాణిపాకం_కుర్రోడు
కంగ్రాట్స్ అక్కా, చెన్నైలో ఉద్యోగం వచ్చినందుకు. మీ దగ్గర నోటీసు మూడు నెలలా? నాదీ అంతే, రిలీవ్ చేయట్లేదు, ఏం చేయాలి?

స్వర్ణముఖి
తమ్ముడూ ఉద్యోగం రాలేదు, మెయిల్ వచ్చింది అంతే. నీ ప్రశ్న వేరే టాపిక్‌గా పెట్టు, ఇక్కడ కలిసిపోతుంది.

డెస్క్ అన్నా, చాలా థాంక్స్. అయితే కంపెనీ పేరు అడగొద్దంటారా? పేరు తెలియకుండా నేనెట్లా ముందుకు పోవాలి?

డెస్క్_నుంచి
మొదటి మెయిల్‌లో అడగొద్దు. కాల్‌లో అడుగు, చెప్తారు. మొదటి మెయిల్‌లో అడగాల్సింది ఉద్యోగం కంపెనీ పేరోల్ మీదా, థర్డ్ పార్టీ పేరోల్ మీదా అని. మీ ఫ్యాక్టరీల్లో ఆన్ రోల్, ఆఫ్ రోల్ అంటారు కదా అదే. నాకైతే కంపెనీ పేరు కన్నా ఇది పది రెట్లు ముఖ్యం. మెయిల్‌లో 'పేరున్న మల్టీ నేషనల్' అని ఉంటుంది, తీరా చూస్తే అపాయింట్‌మెంట్ లెటర్ ఏదో మ్యాన్‌పవర్ ఏజెన్సీ ఇస్తుంది, అదీ పదకొండు నెలలకి. పని చేసేది పేరున్న కంపెనీ గేటు లోపలే, అది అబద్ధం కాదు, కానీ బోనస్సు, ఇంక్రిమెంటు, ఇన్సూరెన్సు అన్నీ ఏజెన్సీ లెక్క ప్రకారం.

అలిపిరి_మెట్లు
ఇక్కడ ఇంకో మాట కలపాలి, నాకు తగిలిన దెబ్బ. పోయినసారి ఇట్లాంటి మెయిల్‌కే నేను రెజ్యూమె పంపి సరే అన్నా. ఆ మనిషి మళ్ళీ మాట్లాడలేదు. కొన్నాళ్ళకి ఇంకో కన్సల్టెన్సీ ఆమె ఫోన్ చేసి, పేరు చెప్పి, వివరాలు చెప్పి, మంచి ఆఫర్ ఇప్పిస్తా అంది. తీరా ఆమె అప్‌లోడ్ చేస్తే క్లయింట్ సిస్టమ్‌లో నా ప్రొఫైల్ అప్పటికే ఉంది, మొదటివాడు నన్ను అడగకుండానే పంపేశాడు. ఇద్దరికీ గొడవ, కంపెనీవాళ్ళు మాకెందుకీ తలనొప్పి అని నన్నే పక్కన పెట్టేశారు. కాబట్టి నీ జవాబులో ఈ ఒక్క లైన్ ఉండి తీరాల: నన్ను అడగకుండా నా రెజ్యూమె ఎవరికీ పంపొద్దు.

డెస్క్_నుంచి
నూటికి నూరుపాళ్ళు నిజం. ఎవరు ముందు పంపితే ఆ అభ్యర్థి వాళ్ళ లెక్క, చాలా కంపెనీల్లో కొన్ని నెలల దాకా అదే నడుస్తుంది. అందుకే కొందరు ముందు పంపేసి తర్వాత ఫోన్ చేస్తారు. ఆ లైన్ రాస్తే మంచి రిక్రూటర్ ఏమీ అనుకోడు. అనుకున్నాడంటే ఆ పని చేసేవాడే.

స్వర్ణముఖి
సరే, నేనొకటి రాశా. ఇంగ్లీషులోనే పంపుతా, ఇక్కడ తెలుగులో పెడుతున్నా, చూడండి.

> గౌరవనీయులైన సర్, మీ విలువైన మెయిల్‌కి ధన్యవాదాలు. నేను ఈ అవకాశం పట్ల చాలా సంతోషిస్తున్నాను. దయచేసి అన్యథా భావించకండి, కాల్‌కి ముందు నాకు జీతం, పని చేసే ప్రదేశం, పని వివరాలు, షిఫ్టులు, కంపెనీ పేరు, ఇంటర్వ్యూ రౌండ్లు, బాండ్ ఉందా అన్నవి తెలియజేయగలరని మనవి. లేనిచో నేను కాల్‌కి హాజరు కాలేనని తెలియజేసుకుంటున్నాను. ఇప్పటి జీతం 4.2 లక్షలు.

లక్ష్మీపురం_సర్కిల్
అమ్మాయీ, ఇది హెడ్మాస్టర్‌కి లీవ్ లెటర్ లాగా ఉంది. పైన దణ్ణం పెట్టి, కింద 'లేనిచో రాను' అని బెదిరింపు. రెండూ వద్దు. నేను ఒక ఫ్యాక్టరీలో పేరోల్ చూస్తా, శ్రీసిటీ వైపు, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నా, ఇట్లాంటివి చాలా చూశా.

మొదటిది, అన్యథా భావించకండి అనకు. జీతం అడగడం తప్పేం కాదు, నువ్వే తప్పులా చూపిస్తున్నావు. రెండోది, వాళ్ళు అడక్కుండా వదిలేయాల్సింది అడిగినట్టు, నువ్వు చెప్పనవసరం లేనిది చివర్లో చెప్పేశావు, 4.2 అని. ఆ అంకె పడిందంటే ఇక బడ్జెట్ ఎంతున్నా 4.2 మీద ముప్పై శాతం అని లెక్క వేసి 5.4 దగ్గర ఆపేస్తారు. మూడోది, పని వివరాలు అని రాశావే, దానికి వాళ్ళు పోర్టల్‌లో ఉన్న రెండు పేజీల జేడీ, అంటే ఉద్యోగ వివరణ, కాపీ చేసి పంపుతారు, అందులో ఏమీ ఉండదు. నీకు తెలియాల్సింది ఏంటో అదే అడుగు.

స్వర్ణముఖి
సార్, అదే కదా సమస్య. క్వాలిటీ ఇంజనీర్ అంటే మా దగ్గరే నాలుగు రకాలు. వచ్చిన సరుకు చూసేవాళ్ళు వేరు, లైన్ మీద చూసేవాళ్ళు వేరు, బయటికి పోయే సరుకు చూసేవాళ్ళు వేరు, సప్లయర్ల దగ్గరికి తిరిగేవాళ్ళు వేరు. నేనిప్పుడు ఎస్ఎంటీ లైన్ మీద ఉన్నా, సర్క్యూట్ బోర్డుల మీద చిన్న చిన్న పార్టులు మెషీన్‌తో అతికించే లైన్ అది. షిఫ్టు మొదలవగానే మొదటి బోర్డు చెక్ చేసి సంతకం పెట్టేదాకా లైన్ కదలదు, ఆ తర్వాత కెమెరాతో బోర్డులు చెక్ చేసే ఏఓఐ మెషీన్ ఆపిన బోర్డుల్లో నిజమైన లోపమేది, ఊరికే ఆపిందేది అని చూడాలి. మూడు షిఫ్టులూ తిరుగుతాయి. నేను మారాలనుకుంటున్నదే సప్లయర్ క్వాలిటీ వైపు, జనరల్ షిఫ్టు కోసం. మళ్ళీ లైనే అయితే జీతం బాగా తేడా ఉండాలి, లేదంటే ఎందుకు కదలడం?

లక్ష్మీపురం_సర్కిల్
చూశావా, ఇప్పుడు నువ్వు మాకు చెప్పిందే మెయిల్‌లో ఒక్క లైన్‌గా రాయి. లైన్ క్వాలిటీనా, సప్లయర్ క్వాలిటీనా, షిఫ్టులు తిరుగుతాయా అని. జవాబు కాపీ చేసి పంపడానికి కుదరదు, క్లయింట్‌ని అడిగి తెలుసుకోవాల. అడగలేదంటే ఆ పోస్టు గురించి వాళ్ళకే తెలియదని నీకు తెలిసిపోతుంది.

ఊరు కూడా అంతే. చెన్నై కన్సల్టెన్సీలకి శ్రీపెరంబుదూర్, ఒరగడం, శ్రీసిటీ అన్నీ చెన్నైయే. శ్రీసిటీ మన తిరుపతి జిల్లాలోనే ఉంది కదా, అయినా వాళ్ళ మెయిళ్ళలో చెన్నై అనే పడుతుంది. నీకది ఆకాశం భూమి తేడా. శ్రీసిటీ అయితే కంపెనీ బస్సు శ్రీకాళహస్తి మీదుగా రావచ్చు, ఇల్లు మారనక్కర్లేదు. శ్రీపెరంబుదూర్ అయితే హాస్టల్, అద్దె, వారానికోసారి సప్తగిరి ఎక్స్‌ప్రెస్. కాబట్టి ప్లాంటు ఏ ఊర్లో అని అడుగు, సిటీ పేరు కాదు.

చిత్తూరు_మామిడి
సరే ఒప్పుకుంటున్నా, ఫోను లోపలికి తీసుకుపోనివ్వరన్న సంగతి నేను సరిగ్గా చదవలేదు. అయినా ఇంత రాస్తే పెద్ద మెయిల్ అవుతుంది, ఎవురూ చదవరు.

డెస్క్_నుంచి
నేను రాసిస్తా చూడండి. ఫోన్‌లో స్క్రోల్ చేయకుండా కనపడేంత ఉంటే చాలు.

> నమస్తే ఫలానా గారూ,
>
> క్వాలిటీ ఇంజనీర్ పోస్టు గురించి మెయిల్ చేసినందుకు థాంక్స్. నాకు ఎస్ఎంటీ లైన్ క్వాలిటీలో నాలుగేళ్ళ అనుభవం ఉంది, ఈ పోస్టు గురించి మాట్లాడటానికి ఆసక్తిగా ఉన్నాను. కాల్‌కి ముందు మూడు వివరాలు చెప్తే మన ఇద్దరికీ టైమ్ కలిసొస్తుంది:
>
> ఈ పోస్టుకి బడ్జెట్ ఎంత నుంచి ఎంత వరకు, అందులో ఫిక్స్‌డ్ ఎంత? ఉద్యోగం కంపెనీ పేరోల్ మీదా, థర్డ్ పార్టీ మీదా?
>
> ప్లాంటు ఏ ఊర్లో ఉంది, తిరుపతి లేదా శ్రీకాళహస్తి నుంచి కంపెనీ బస్సు ఉందా?
>
> పని లైన్ క్వాలిటీయా, సప్లయర్ క్వాలిటీయా, షిఫ్టులు తిరుగుతాయా?
>
> డ్యూటీ టైమ్‌లో నా దగ్గర ఫోన్ ఉండదు. ఈ వారం ఏ రోజైనా సాయంత్రం ఆరున్నర తర్వాత మాట్లాడగలను. నా రెజ్యూమె క్లయింట్‌కి పంపే ముందు ఒకసారి నన్ను అడగండి.

ఇప్పటి జీతం గురించి ఒక్క ముక్క లేదు గమనించండి. వాళ్ళు మళ్ళీ అడిగితే అప్పుడు చూసుకోవచ్చు. నోటీసు పీరియడ్ అడిగితే చెప్పేయండి, దాంట్లో దాచేదేం లేదు.

పుత్తూరు_కట్టు
బాగుంది. కానీ జీతం మనం ముందు చెప్తే మేలు కదా, ఆరు లక్షలకి తక్కువైతే వద్దు అని? రెండు వైపులా టైమ్ మిగులుతుంది.

డెస్క్_నుంచి
దీని మీద మా ఆఫీసులోనే ఒప్పుకోరు ఒకరితో ఒకరు. బడ్జెట్ ఏడు ఉండి నువ్వు ఆరు అంటే లక్ష పోయినట్టే, నేనైతే సంతోషంగా ఆరుకి ముగిస్తా, అబద్ధం ఎందుకు చెప్పాలి. మరోవైపు, అడిగినా చెప్పనివాళ్ళు ఉంటారు, వాళ్ళ దగ్గర నీ కింది అంకె చెప్పకపోతే మాట ముందుకు సాగదు. నా పద్ధతి: మొదటి మెయిల్‌లో అడుగు, తప్పించుకుంటే రెండో దాంట్లో చెప్పు.

అలిపిరి_మెట్లు
నేనైతే మొదటే చెప్తా. బేరాలాడే ఓపిక నాకు లేదు.

స్వర్ణముఖి
పైన రాసిచ్చిందే పంపా. పంపిన గంటకే జవాబు వచ్చింది, ఇదిగో: జీతం ఇండస్ట్రీలో బెస్ట్, ఆరు లక్షల సీటీసీ వరకు అవకాశం, చెన్నై దగ్గర, మిగతావి కాల్‌లో మాట్లాడుకుందాం, ఆరున్నరకి సరే. ఆరు అనగానే ఇంట్లో అమ్మ నెలకి యాభై వేలు అని సంబరపడుతోంది.

లక్ష్మీపురం_సర్కిల్
అమ్మని ఆగమను. సీటీసీ అంటే కంపెనీ నీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, చేతికొచ్చే జీతం కాదు. ఆరు లక్షల సీటీసీలో చేతికెంత వస్తుందో నేను రోజూ చేసే లెక్కే, చెప్తా. పది శాతం వేరియబుల్ అనుకో, అరవై వేలు అవతల పెట్టు, అది ఏడాది చివర కంపెనీ దయ. బేసిక్ సగం, అంటే 3 లక్షలు. దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, 36,000, అదీ సీటీసీలోనే కలిపేస్తారు. గ్రాట్యుటీ 4.81 శాతం, 14,430, అదీ కలిపేస్తారు, మామూలుగా ఐదేళ్ళు చేస్తేగానీ అది నీ చేతికి రాదు. ఇవన్నీ తీస్తే 4,89,570. ఇందులోంచి మళ్ళీ నీ వాటా పీఎఫ్ 36,000 పోతుంది. మిగిలింది పన్నెండుతో భాగిస్తే నెలకి 37,800 లోపు, ప్రొఫెషనల్ ట్యాక్స్ రెండొందలు తీస్తే ముప్పై ఏడున్నర వేలు. ఈ జీతానికి కొత్త పద్ధతిలో ఇన్‌కమ్ ట్యాక్స్ పడదు, అదొక్కటే ఊరట. బస్సు, క్యాంటీన్ కూడా సీటీసీలో కలిపే కంపెనీలు ఉన్నాయి, అట్లా నెలకి రెండు వేలు వేశారనుకో, ముప్పై ఐదున్నర.

పీఎఫ్ నీ డబ్బే, పోయినట్టు కాదు. కానీ యాభైకి, ముప్పై ఐదున్నరకి ఎంత తేడా చూడు. అందుకే మెయిల్‌లో ఫిక్స్‌డ్ ఎంత అని అడగమన్నది. అతను ఫిక్స్‌డ్ చెప్పలేదు, పేరోల్ చెప్పలేదు, ఊరు చెప్పలేదు. 'వరకు' అన్నాడు, 'నుంచి' అనలేదు.

చిత్తూరు_మామిడి
ఒక అంకె అయినా చెప్పాడు కదా, టైమ్ కూడా ఒప్పుకున్నాడు. ఇంకా రాస్తే విసుక్కుంటాడు. ఇప్పుడు కాల్ మాట్లాడొచ్చు అంటా.

డెస్క్_నుంచి
ఈసారి నేనూ మామిడి అన్న వైపే సగం. ఆరున్నరకి కాల్ అంటే నీకు ఖర్చేమీ లేదు, పర్మిషన్ గొడవ లేదు. కానీ ఒక చిన్న లైన్ పంపు: 'ఆరున్నరకి ఓకే. అప్పటికి ప్లాంటు ఏ ఊర్లో, ఎవరి పేరోల్ అన్నవి క్లయింట్‌ని అడిగి ఉంచండి.' అంతకు మించి వద్దు. కాల్‌లో మొదటి నిమిషంలోనే ఆ రెండూ అడుగు, లేకపోతే వాళ్ళు నీ గురించి అడగడం మొదలుపెట్టి అటే పోతారు. ఇంకోటి, రిజిస్ట్రేషన్‌కో ట్రైనింగ్‌కో డబ్బు కట్టమన్నారంటే ఎంత తక్కువైనా సరే అక్కడే ఫోన్ పెట్టేయి. కట్టేసినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

స్వర్ణముఖి
మాట్లాడా. పేరు చెప్పాడు, ఇక్కడ రాయను. ప్లాంటు శ్రీసిటీ. పని లైన్ క్వాలిటీయే, మూడు షిఫ్టులు. బడ్జెట్ 4.8 నుంచి 6, ఆరు అన్నది ఆరేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకట. మొదటి ఏడాది థర్డ్ పార్టీ పేరోల్, తర్వాత 'పర్ఫార్మెన్స్ బట్టి' ఆన్ రోల్. ఇప్పటి జీతం నాలుగుసార్లు అడిగాడు, ఐదున్నర ఫిక్స్‌డ్ అయితే చూస్తా అని మాత్రం చెప్పా. క్లయింట్‌ని అడిగి చెప్తానన్నాడు. సప్లయర్ క్వాలిటీ పోస్టు ఏదైనా వస్తే చెప్పమన్నా, రాసుకున్నాడు.

అలిపిరి_మెట్లు
రెజ్యూమె పంపేశాడా?

స్వర్ణముఖి
అడిగా. ఇంకా లేదు, మీరు సరే అంటేనే అన్నాడు. అదే మెయిల్‌లో కూడా రాసి పంపమన్నా, పంపాడు.

పుత్తూరు_కట్టు
ఏడాది తర్వాత ఆన్ రోల్ అన్నది కూడా రాసివ్వమను.

లక్ష్మీపురం_సర్కిల్
అది ఎవరూ రాసివ్వరు అబ్బాయ్. పోయిన బ్యాచ్‌లో ఎంతమందిని ఆన్ రోల్ చేశారో అడగొచ్చు, అదీ రిక్రూటర్‌ని కాదు, ఆ ప్లాంటులో పనిచేసేవాళ్ళని. శ్రీకాళహస్తిలో పొద్దున షిఫ్టు బస్సుల దగ్గర నిలబడితే ఐడీ కార్డు ట్యాగ్ చూసే చెప్పొచ్చు ఎవరు కంపెనీ, ఎవరు ఏజెన్సీ, చాలాచోట్ల రంగు వేరే ఉంటుంది.

కాణిపాకం_కుర్రోడు
అక్కా ఆ కన్సల్టెన్సీ మెయిల్ ఐడీ నాకు మెసేజ్ చేస్తారా? నాకు లైన్ క్వాలిటీయే కావాలి, థర్డ్ పార్టీ అయినా పర్లేదు.

స్వర్ణముఖి
ముందు అతన్ని అడిగి ఇస్తా తమ్ముడూ. నువ్వు కూడా పైన డెస్క్ అన్న రాసిన మెయిల్ పెట్టుకో, ఎస్ఎంటీ అన్నచోట నీది మార్చుకో.